తప్పు జవాబుకు మోడల్‌ను నిందించే ముందు

“E-47 చూపించి కంప్రెసర్ ఆగిపోయింది. మళ్ళీ ఎంతసేపటికి స్టార్ట్ చేయవచ్చు?” అని ఒక మరమ్మతు నిపుణుడు అడిగారు. మేము తయారు చేసిన ప్రశ్నోత్తర వ్యవస్థ ఏ తడబాటూ లేకుండా “15 నిమిషాలు ఆగండి” అని చెప్పింది. మాన్యువల్లో ఉన్నది 40 నిమిషాలు. ఆయన అనుభవజ్ఞుడు కాబట్టి నమ్మకుండా మాన్యువల్ తెరిచి చూసుకున్నారు. ఆ సాయంత్రం మా సమావేశంలో అందరిదీ ఒకటే మాట: మోడల్ కల్పించి చెబుతోంది.

ఆ మాట మీదే నాలుగు వారాలు పని చేశాం. ప్రాంప్టును మూడింతలు పొడిగించాం. “ఇచ్చిన పాఠంలో లేనిది చెప్పవద్దు” అన్న వాక్యాన్ని నాలుగు రకాలుగా రాశాం. చివరికి ఇంకా పెద్ద, ఇంకా ఖరీదైన మోడల్‌కు మారాం. పరీక్షకు పెట్టుకున్న 100 ప్రశ్నల్లో తప్పులు 41 నుంచి 39కి తగ్గాయి. ఆ రెండు కూడా కాకతాళీయమేనని తరువాత తెలిసింది.

ఈ నాలుగు వారాల్లో ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది. జవాబు రాసేటప్పుడు మోడల్ ముందు ఏముంది? ఒక రోజు లాగ్ తెరిచి E-47 ప్రశ్నకు దానికి అందిన అయిదు మాన్యువల్ ముక్కలనూ చదివాను. ఒక్కదానిలోనూ E-47 లేదు. E-41 గురించి ఒకటి, E-74 గురించి ఒకటి, చమురు మార్చడం గురించి రెండు. అయిదోది మరో రకం కంప్రెసర్‌ను ఆపాక 15 నిమిషాలు చల్లారనివ్వమని చెప్పే పేరా. మోడల్ కల్పించలేదు. చేతికిచ్చిన కాగితంలో ఉన్నదే చదివింది. మేము ఇచ్చిన కాగితం తప్పు.

ఈ రకం వ్యవస్థలో రెండు యంత్రాలు ఉంటాయన్నది అందరికీ తెలిసినా, తప్పు జరిగినప్పుడు అందరూ మరచిపోతారు. మొదటిది రిట్రీవల్, అంటే వెతికే భాగం. పత్రాలను ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కనూ ఎంబెడింగ్ ద్వారా అంకెల వరుసగా మార్చి పెట్టుకుంటాం. ప్రశ్న రాగానే దాన్నీ అలాగే మార్చి, దగ్గరగా ఉన్న ముక్కలను వరుస పెట్టి, పై k ముక్కలను ముందుకు పంపుతాం. రెండోది ఆ ముక్కలను చదివి జవాబు రాసే భాషా మోడల్. మనకు కనిపించేది దాని జవాబు ఒక్కటే కాబట్టి నింద కూడా దానికే పోతుంది.

మొదటి యంత్రాన్ని రెండోదాని జోక్యం లేకుండా కొలిచే సంఖ్యే రీకాల్@k. ప్రశ్నకు జవాబు చెప్పడానికి అవసరమైన ఆధారాల్లో పై k ముక్కల్లోకి వచ్చినవి ఎంత భాగం అన్నదే దాని అర్థం. ఆలోచన కొత్తది కాదు. పత్రాలకు సూచిక తయారు చేసే పద్ధతులను పోల్చడానికి 1960ల్లో ఇంగ్లండ్‌లోని క్రాన్‌ఫీల్డ్‌లో సిరిల్ క్లెవర్డన్ చేసిన ప్రయోగాల నాటికే రీకాల్, ప్రెసిషన్ అన్న కొలతలు వాడుకలో ఉన్నాయి. అరవై ఏళ్ళ కిందటి గ్రంథాలయ పరిశోధకులు చేసిన పనిని మేము నాలుగు వారాలు చేయలేదని ఒప్పుకోవడానికి కొంచెం సిగ్గుగానే ఉంది.

ఇక్కడే ఒక సహోద్యోగి అభ్యంతరం చెప్పారు: “మన రీకాల్ 0.98 కదండీ, డ్యాష్‌బోర్డులో ఉంది.” ఉన్నమాట నిజమే, కానీ అది వేరే రీకాల్. ఆ అంకెల వరుసలను దాచి వెతికిపెట్టే వెక్టర్ డేటాబేసులు వేగం కోసం అన్ని ముక్కలతోనూ పోల్చకుండా హెచ్‌ఎన్‌ఎస్‌డబ్ల్యూ వంటి సూచికతో సుమారుగా వెతుకుతాయి. అలా వెతికినప్పుడు, పూర్తిగా వెతికితే దొరికే పొరుగు ముక్కల్లో ఎన్ని దొరికాయో ఆ 0.98 చెబుతుంది. ఆ పొరుగు ముక్కల్లో అసలు జవాబు ఉందా అన్నది దానికి పట్టదు. ఎంబెడింగ్ తప్పు దిక్కు చూపిస్తే, ఆ తప్పు దిక్కులోకి 98 శాతం నమ్మకంగా వెళ్ళామని మాత్రమే అది చెబుతోంది. రెండింటికీ ఒకే పేరు ఉండటం ఈ రంగానికి పట్టిన దరిద్రాల్లో ఒకటి.

మాకు కావలసిన రీకాల్‌ను కొలవాలంటే ఏ ప్రశ్నకు జవాబు ఎక్కడుందో ముందుగా మనిషి గుర్తించాలి. దీనికి దగ్గరి దారి లేదు. దగ్గరి దారి తొక్కి నేనే ఒకసారి మోసపోయాను. మాన్యువల్లోని పేరాలను ఒక్కొక్కటే చదువుతూ, వాటి నుంచి 100 ప్రశ్నలు నేనే తయారు చేశాను. రీకాల్@5 ఏకంగా 0.91 వచ్చింది. పేరాను చూస్తూ ప్రశ్న రాస్తే పేరాలోని మాటలే ప్రశ్నలోకి వస్తాయి, వెతికే భాగానికి పని తేలికవుతుంది. కార్ఖానాలో ఉన్న మనిషి “డిశ్చార్జ్ ఉష్ణోగ్రత పరిమితి” అని అడగరు, “బాగా వేడెక్కి ఆగిపోతోంది” అంటారు. అందుకని వాటిని పక్కన పడేసి, నిజంగా వచ్చిన ప్రశ్నల లాగ్ నుంచి తీసి మొదట పరీక్షకు పెట్టుకున్న ఆ 100 ప్రశ్నలకే తిరిగి వచ్చాను. మాన్యువల్లో అసలు జవాబే లేని ప్రశ్నలను విడిగా పెట్టాను. లేనిదాన్ని వెతకలేదని రిట్రీవల్‌ను తప్పుపట్టలేం. వాటికి మోడల్ “తెలియదు” అంటుందా లేదా అన్నది వేరే పరీక్ష.

గుర్తింపును ముక్క నంబరుతో రాసుకోకూడదు. ముక్కలు కోసే పద్ధతి మార్చిన రోజున ఆ నంబర్లన్నీ చెల్లని కాగితాలవుతాయి. పత్రం పేరు, అందులో జవాబు వాక్యం మొదలయ్యే చోటు, ముగిసే చోటు రాసుకోవాలి. ఒక ముక్క ఆ వాక్యాన్ని పూర్తిగా కప్పితేనే దొరికినట్టు. ఒకే విషయం మాన్యువల్లో రెండు చోట్ల ఉండవచ్చు, అప్పుడు ఏది దొరికినా చాలు. కొన్ని ప్రశ్నలకు రెండు వేర్వేరు విషయాలు కలిస్తేనే జవాబు, అప్పుడు రెండూ దొరకాలి. ఈ తేడాను ఇలా రాసుకున్నాం:

```python
def recall_at_k(needs, ranked, k):
    top = ranked[:k]
    got = sum(any(covers(c, s) for c in top for s in alts)
              for alts in needs)
    return got / len(needs)
```

`needs` అంటే ప్రశ్నకు అవసరమైన విషయాల జాబితా. అందులో ఒక్కో `alts` ఆ విషయం కనిపించే చోట్లు. `covers` అన్నది ముక్క ఆ చోటును పూర్తిగా కప్పిందో లేదో చెప్పే చిన్న ఫంక్షన్. ఇందులో మోడల్‌ను పిలిచే పని ఎక్కడా లేదు. కాబట్టి 100 ప్రశ్నలూ నిమిషం లోపే ముగుస్తాయి, ఎన్నిసార్లు నడిపినా ఫలితం మారదు. ఈ రెండు గుణాలూ జవాబుల నాణ్యతను కొలిచే పరీక్షకు ఉండవు.

గుర్తింపు ఎప్పుడూ అసంపూర్ణమే. నాకు తెలియని మూడో చోట కూడా జవాబు ఉండవచ్చు, అప్పుడు సరైన ముక్కనే తెచ్చినా సున్నా పడుతుంది. వెతికే పద్ధతులను పోల్చడానికి 1992లో మొదలైన ట్రెక్ పోటీల్లో దీనికి వాడే ఉపాయాన్నే మేమూ వాడాం. రెండు మూడు వేర్వేరు పద్ధతులతో వెతికి, అన్నిటి పై ఫలితాలనూ ఒక చోట పోసి, ఏది ఏ పద్ధతి తెచ్చిందో చెప్పకుండా మనిషి చేత చూపించడం. అలా చూస్తే 9 ప్రశ్నలకు నేను గుర్తించని చోట్లు బయటపడ్డాయి. ఈ పని మొత్తానికి ఇద్దరికి రెండున్నర రోజులు పట్టింది. నాలుగు వారాల ప్రాంప్టు సేవతో పోలిస్తే ఎంత తక్కువో చెప్పనక్కర్లేదు.

ఫలితం: రీకాల్@5 సగటు 0.65. అవసరమైనవన్నీ దొరికిన ప్రశ్నలు 62. రెండు విషయాలు కావలసిన ప్రశ్నల్లో ఆరింటికి సగమే దొరికింది, ఆ సగాలు సగటును కాస్త పైకి లేపాయి. సగం ఆధారంతో పూర్తి జవాబు రాదు కాబట్టి నేను 62నే నమ్ముతాను.

తరువాత ఈ సంఖ్యను జవాబుల పక్కన పెట్టాను. ఆధారం దొరికిన 62 ప్రశ్నల్లో మోడల్ 56 సరిగా చెప్పింది, 6 తప్పు చెప్పింది. దొరకని 38 ప్రశ్నల్లో 33 తప్పు, 5 ఒప్పు. అంటే మొత్తం 39 తప్పుల్లో 33 తప్పులు మోడల్ నోరు తెరవక ముందే జరిగిపోయాయి. ప్రపంచంలోని అత్యుత్తమ మోడల్‌ను తెచ్చి పెట్టినా అది సరిచేయగలిగేది మిగిలిన 6 మాత్రమే. పెద్ద మోడల్‌కు మారితే రెండే ఎందుకు తగ్గాయో అప్పుడు అర్థమైంది. ఆధారం లేకుండానే ఒప్పు చెప్పిన ఆ 5 ప్రశ్నలను చూసి సంతోషించకండి. అవి ఏ యంత్రానికైనా వర్తించే సాధారణ విషయాలు, మోడల్ తన జ్ఞాపకం నుంచి చెప్పింది. రేపు అదే ధైర్యంతో తప్పూ చెబుతుంది.

దీన్ని మరో వైపు నుంచి కూడా సరిచూశాం. దొరకని 38 ప్రశ్నలకూ సరైన పేరాను చేత్తో తీసి మోడల్‌కు ఇచ్చాం. 34 ప్రశ్నలకు సరైన జవాబు వచ్చింది. వెతికే భాగం ఏ లోపమూ లేకుండా పని చేస్తే అదే మోడల్, అదే ప్రాంప్టు 100కి 90 తెచ్చుకునేవన్న మాట. మేము నాలుగు వారాలు తిట్టిన మోడల్ ఇదే.

దీనికి ఒక న్యాయమైన ఎదురు వాదన ఉంది. ఆధారం అందకపోతే మోడల్ “ఇచ్చిన పాఠంలో లేదు” అనాలి కదా, 15 నిమిషాలని చెప్పడం దాని తప్పే కదా? తప్పే. మరో యంత్రం గురించిన పేరాను ఈ యంత్రానికి అంటగట్టడం చిన్న విషయం కాదు. కానీ ఆ తప్పును పూర్తిగా సరిచేశామనే అనుకుందాం. అప్పుడు 33 తప్పు జవాబులు 33 “తెలియదు”లుగా మారతాయి. ప్రమాదం తగ్గుతుంది, మంచిదే. అడిగిన మనిషి చేతిలో మాత్రం జవాబు ఉండదు. మాన్యువల్లో ఉన్న జవాబును “లేదు” అని చెప్పే వ్యవస్థను ఎవరూ రెండో వారం వాడరు.

ఇక 38 ఎందుకు దొరకలేదు? దీనికి k విలువను పెంచుతూ పోవడం అన్నిటికంటే ఉపయోగపడింది. అవసరమైనవన్నీ దొరికిన ప్రశ్నలు 5 ముక్కల్లో 62, 20 ముక్కల్లో 74, 50లో 80, 100లో 81. ఈ వరుసను చదవడం నేర్చుకుంటే సగం రోగనిర్ధారణ అయినట్టే. 62 నుంచి 81 వరకు ఉన్న 19 ప్రశ్నలకు ఆధారం దొరికింది, కానీ వరుసలో కిందికి పోయింది. అది వరుస పెట్టడంలో లోపం, దాన్ని పునఃక్రమం చేసే మోడల్, అంటే రీరాంకర్, చాలావరకు బాగుచేయగలదు. మిగిలిన 19 ప్రశ్నలకు వంద ముక్కల్లో కూడా ఆధారం రాలేదు. తన దగ్గరికి రాని ముక్కను రీరాంకర్ పైకి తేలేదు. వాటిని ఒక్కొక్కటిగా చూడాల్సిందే.

చూశాం. ఎనిమిది ప్రశ్నలు E-47 వంటి సంకేతాలవి. ఎంబెడింగ్‌కు అర్థం దగ్గరితనం తెలుస్తుంది కానీ 47కూ 74కూ తేడా అంతగా పట్టదు, రెండూ “ఏదో లోపం సంకేతం” గానే కనిపిస్తాయి. నాలుగు ప్రశ్నల జవాబులు స్కాన్ చేసిన పేజీల్లో ఉన్నాయి. మా పాఠం తీసే ప్రోగ్రాము ఆ పేజీల నుంచి ఖాళీ పాఠాన్ని తెచ్చి, ఏ ఫిర్యాదూ లేకుండా ముందుకు పోయింది. అవి సూచికలోనే లేవు. ఒకటి నా గుర్తింపులోని తప్పు.

మిగిలిన ఆరు నన్ను ఒక రోజంతా తిప్పలు పెట్టాయి. ముక్క సూచికలో ఉంది, పాఠం స్పష్టంగా ఉంది, ప్రశ్నలోని మాటలే అందులో ఉన్నాయి, అయినా దొరకదు. చివరికి, జవాబు వాక్యం ముక్కలో ఎక్కడ ఉందో ఆరింటికీ లెక్క వేశాను. అన్నిటిలోనూ రెండో సగంలోనే. మా ముక్కలు ఒక్కోటి 400 ఇంగ్లీషు పదాలు, అంటే మోడల్ మాటలను కోసుకునే తునకల్లో, టోకెన్లలో, 500కు పైమాటే. మేము వాడిన ఎంబెడింగ్ మోడల్ `all-MiniLM-L6-v2`. అది మామూలుగా 256 టోకెన్ల తరువాత ఉన్నదాన్ని చప్పుడు చేయకుండా కత్తిరించేస్తుంది. ప్రతి ముక్కలోనూ రెండో సగం సూచిక దృష్టిలో లేనే లేదు. ఏ దోష సందేశమూ రాదు, ఏ లాగ్‌లోనూ కనిపించదు. తెలుగు పాఠంతో ఇలాంటి పని చేసేవారు ఇక్కడ మరింత జాగ్రత్తగా ఉండాలి. ఎక్కువగా ఇంగ్లీషు కోసం తయారైన టోకెనైజర్లు ఒక్క తెలుగు మాటను అనేక తునకలు చేస్తాయి, పరిమితి ఇంకా ముందే వచ్చేస్తుంది.

వరుసగా సరిచేశాం. స్కాన్ పేజీలను అక్షరగుర్తింపుతో చదివించాం. ముక్కలను 180 పదాలకు తగ్గించాం. సంకేతాల కోసం బీఎం25 అనే పాత పదాధారిత పద్ధతిని పక్కన నడిపి, రెండు జాబితాలనూ వాటిలో ఒక్కో ముక్క ఎన్నో స్థానంలో ఉందన్న దాని ఆధారంగా కలిపాం. కలిపిన వాటిలో పై 50ని రీరాంకర్‌కు ఇచ్చాం. ఒక్కో మార్పు తరువాతా కొలత, ఒకేసారి రెండు మార్పులు లేవు.

ఇక్కడ రెండు జాగ్రత్తలు చెప్పకపోతే లెక్క తప్పుతుంది. ముక్క చిన్నదైతే పాత 5ను కొత్త 5తో పోల్చకూడదు. 400 పదాల ముక్కలు అయిదంటే 2000 పదాలు, 180 పదాల ముక్కలు పదకొండంటే దాదాపు అంతే. మోడల్‌కు వెళ్ళే పాఠం సమానంగా ఉంచి పోల్చాలి. లేకపోతే ముక్క పెద్దది చేసిన ప్రతివాడూ గెలిచినట్టే కనిపిస్తాడు. మొత్తం మాన్యువల్‌ను ఒకే ముక్కగా పెడితే రీకాల్@1 ఎప్పుడూ 1, అందులో గొప్ప ఏముంది?

రెండోది, 100 ప్రశ్నల మీద 62 శాతం అంటే అటూ ఇటూ దాదాపు 10 పాయింట్ల అనిశ్చితి ఉంటుంది. 62 కాస్తా 65 అయిందని సంబరపడటానికి లేదు. అందుకే మొత్తాన్ని కాకుండా, అవే ప్రశ్నల్లో కొత్తగా దొరికినవి ఎన్ని, చేజారినవి ఎన్ని అని చూశాం. బీఎం25 కలిపినప్పుడు తొమ్మిది వచ్చాయి, ఒకటి పోయింది. అది నమ్మదగ్గ మార్పు. ముక్కల మధ్య అతివ్యాప్తి పెంచినప్పుడు నాలుగు వచ్చి మూడు పోయాయి. దాన్ని వెనక్కి తీసేశాం.

చివరికి పదకొండు ముక్కల్లో 88 ప్రశ్నలకు ఆధారం పూర్తిగా దొరికింది. సరైన జవాబులు 61 నుంచి 83కి వచ్చాయి. ప్రాంప్టులో ఒక్క అక్షరం మార్చలేదు. ఖరీదైన మోడల్‌ను తీసేసి పాతదాన్ని పెట్టి చూస్తే 82, తేడా ఒక్కటే. పాతదే ఉంచుకున్నాం.

మరి రీకాల్ ఒక్కటే చాలదా, k పెంచుకుంటూ పోతే సరిపోదా అని అడిగేవారున్నారు. 100 ముక్కలు పంపితే రీకాల్ పెరుగుతుంది, జవాబు మెరుగవుతుందన్న హామీ లేదు. పొడవైన పాఠంలో మొదట్లోనూ చివర్లోనూ ఉన్న విషయాన్ని మోడళ్ళు బాగా పట్టుకుంటాయని, మధ్యలో ఉన్నదాన్ని జారవిడుస్తాయని 2023లో వచ్చిన పరిశోధన చూపింది. అందుకే మోడల్‌కు నిజంగా పంపే k దగ్గరి రీకాల్‌నే నేను ముఖ్యమైన సంఖ్యగా చెబుతాను. అంతకంటే పెద్ద k విలువలు రోగనిర్ధారణకే.

రీకాల్‌కు అసలే కనిపించని లోపం ఒకటి మాకు మిగిలి ఉంది. ఆధారం దొరికినా మోడల్ తప్పు చెప్పిన మొదటి 6 ప్రశ్నలు గుర్తున్నాయి కదా. వాటిలో నాలుగింటికి సరైన ముక్కతో పాటు అదే మాన్యువల్ పాత ముద్రణలోని ముక్క కూడా వచ్చింది. బోల్టు బిగింపు విలువ పాతదానిలో ఒకటి, కొత్తదానిలో మరొకటి. రీకాల్ లెక్కలో పూర్తి మార్కులు. మోడల్ ముందు మాత్రం ఒకే రకం వాక్యాలు రెండు, వాటి మీద ముద్రణ తేదీ లేదు, ఎందుకంటే ముక్కలు కోసినప్పుడు తేదీ మొదటి పేజీలోనే ఉండిపోయింది. దీన్ని ఏ ఖాతాలో రాయాలన్న దాని మీద నాకూ ఒక సహోద్యోగికీ మధ్య ఇంకా వాదన నడుస్తోంది. రెండు విలువలు చూసి ఒకటి ఎంచుకుని ఊరుకోవడం మోడల్ తప్పని ఆయన అంటారు. తేదీ చెప్పకుండా రెండు కాగితాలు ఇచ్చిన మనదే తప్పని నేనంటాను. ప్రస్తుతానికి ప్రతి ముక్క తలమీద ముద్రణ సంవత్సరం అతికిస్తున్నాం. పై పదకొండు ముక్కల్లో పాత ముద్రణవి ఎన్ని వస్తున్నాయో రీకాల్ పక్కన మరో వరుసలో లెక్కిస్తున్నాం. నిన్నటి లెక్కలో ఆ వరుస 100 ప్రశ్నల్లో 17కి సున్నా కాదు.